టీవీ ఆటో అప్‌డేట్: ఆన్‌లో ఉంచాలా, ఆపాలా?

"నాలుగేళ్ల నాటి ఆండ్రాయిడ్ టీవీ. ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచాలా? పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

యాప్‌ల అప్‌డేట్‌ను ఆన్‌లోనే ఉంచండి అన్నా. పాత వెర్షన్‌లో ఓటీటీ యాప్‌లు ఒక్కోసారి అసలు తెరుచుకోవు. ఆపాల్సింది సిస్టమ్ అప్‌డేట్‌నే, అదీ అన్నిసార్లూ కాదు.

నోటీసులో సెక్యూరిటీ ప్యాచ్ అని మాత్రమే ఉంటే వేసేయండి. ఆండ్రాయిడ్ వెర్షన్ నంబరే మారుతుంటే రెండు మూడు వారాలు ఆగి, మీ మోడల్ నంబరుతో వెతికి, మిగతావాళ్లు ఏమంటున్నారో చూడండి. వేశాక పాత వెర్షన్‌కు వెళ్లడం చాలా టీవీల్లో కుదరదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా కొత్త వెర్షనే ఉంటుంది.

మా ఇంట్లో అలాంటి పెద్ద అప్‌డేట్ తర్వాత సౌండ్‌బార్ మూగబోయింది. టీవీ స్పీకర్ పలుకుతోంది, టీవీని సౌండ్‌బార్‌కు కలిపే ఏఆర్‌సీ కేబుల్ మార్చినా ఫలితం లేదు. సెట్టింగ్స్‌లో చూస్తే ఆడియో అవుట్‌పుట్ దానంతటదే మారిపోయి ఉంది. పీసీఎం అనే సాదా ఆడియో ఫార్మాట్‌కు మార్చగానే శబ్దం వచ్చింది, సరౌండ్ మాత్రం పోయింది. నెల తర్వాత వచ్చిన అప్‌డేట్‌తో అదీ సర్దుకుంది.

మీ టీవీలో స్టోరేజ్ 8 జీబీయే అయితే ముందు వాడని యాప్‌లు తీసేయండి. ఇన్‌స్టాల్ అవుతుండగా కరెంటు పోతే టీవీ లోగో దగ్గరే ఆగిపోవచ్చు, కాబట్టి ఇన్వర్టర్ లైన్‌లో పెట్టి మొదలుపెట్టండి.