ముద్ర కింద ఉన్నది ఎనిమిదా, సున్నానా?

*పాత రైలు టిక్కెట్టు మీద చుక్కల అక్షరాలపై రబ్బరు ముద్ర పడింది. పీఎన్ఆర్ నంబరు తప్పు లేకుండా ఎలా రాసుకోవాలి?*

ముద్ర రంగును తొలగించడం సులభం. అసలు ప్రమాదం ప్రింటర్‌లోనే ఉంటుందని 2018లో నాకు తెలిసింది.

విజయవాడ నుంచి చెన్నైకి పినాకినిలో వెళ్లిన టిక్కెట్లను ప్రయాణ ఖర్చుల బిల్లుకు జత చేశాను. ఆ కార్యాలయంలో పీఎన్ఆర్ పది అంకెల మీదే ఊదారంగు ముద్ర వేసి, నంబరు స్పష్టంగా రాసి పంపమని వెనక్కి పంపారు. వెనుక వైపు అంత ఖాళీ ఉండగా అంకెల మీదే ఎందుకు వేస్తారో! ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

టిక్కెట్టును చేయి చాచి పట్టుకుంటే చుక్కలు గీతలుగా కలిసి చాలా అంకెలు తెలిశాయి. ఎనిమిదో అంకె మాత్రం చిక్కుముడి. ముద్ర అంచు దాని నడుమ మీదుగా పోవడంతో 8 అనుకున్నాను. మా అమ్మాయి ఫోటో తీసి, కంప్యూటర్‌లో ImageMagick అనే ప్రోగ్రాంతో నీలం భాగాన్ని మాత్రమే వేరు చేసింది.

```
magick ticket.jpg -channel B -separate blue.png
```

ఊదా సిరా నీలి కాంతిని పెద్దగా పీల్చుకోదు కాబట్టి ముద్ర దాదాపు కాగితం రంగులో కలిసిపోతుంది. రిబ్బను నలుపు అలాగే నిలుస్తుంది. ముద్ర ఎర్రనిదైతే `B` బదులు `R` పెట్టాలి. ముద్ర పోయాక అక్కడ 0 కనిపించింది. హమ్మయ్య అనుకుని రాయబోయాను.

"నాన్నా, ఆగండి. ప్రయాణ సంవత్సరం 2018కి బదులు 2010 అని ఉంది చూడండి" అంది అమ్మాయి.

అప్పుడు టిక్కెట్టంతా పరీక్షగా చూశాను. చెన్నై పేరులో H రెండు విడి గీతల్లా ఉంది, E అచ్చం C లా ఉంది. ప్రింటర్ తలలో పిన్నులు నిలువు వరుసలో ఉంటాయి. ఏడు చుక్కల ఎత్తున్న అక్షరానికి నాలుగో పిన్ను పనిచేయకపోతే, ఆ ఎత్తులో వరుస పొడవునా ఖాళీ పడుతుంది. అప్పుడు 8కీ, గీత లేని 0కీ తేడా ఉండదు. రెండింటిలో మిగిలే చుక్కలు ఒకటే. ఫోటో ఎంత శుభ్రం చేసినా లేని చుక్క రాదు. సున్నాలో అడ్డంగా ఏటవాలు గీత వేసే ప్రింటరైతే గుర్తుపట్టవచ్చు, మాది అది కాదు.

కాబట్టి మీ టిక్కెట్టులో మీకు ముందే తెలిసిన అంకెలను, అంటే తేదీని, రైలు నంబరును మొదట చూడండి. అవి సరిగ్గా పడి ఉంటేనే మిగతావి కంటితో చదివి రాసుకోండి. పోయిన చోట పెన్నుతో దిద్దవద్దు. దిద్దితే ఉన్న చుక్కలు కూడా సాక్ష్యంగా మిగలవు.

మాకు దారి చూపింది మా ఆవిడ ఫోను. రిజర్వేషన్ ఫారంలో ఆవిడ నంబరు ఇచ్చాం, అప్పుడు వచ్చిన సందేశం చెరపకుండా ఉంచింది. అందులో ఎనిమిదో అంకె 8.