వీడియో కాల్‌లో అందరూ నవ్వే ఆట

"ఆరుగురం కాల్‌లో ఆడతాం. ఒకరి వంతు వస్తే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఏం ఆడాలి?"

వంతులే లేని ఆట పట్టుకోండి. నా ఓటు Gartic Phone కి. బ్రౌజర్‌లో garticphone.com తెరిచి, ఒకరు గది చేసి లింకు పంపితే చాలు. అందరూ ఒకేసారి తలా ఒక వాక్యం రాస్తారు, తెలుగులోనే రాయొచ్చు. అది పక్కవాళ్లకి వెళ్తే బొమ్మ గీస్తారు, ఆ బొమ్మ చూసి తర్వాతివాళ్లు మళ్లీ వాక్యం రాస్తారు. "ఏనుగు గొడుగు పట్టుకుంది" అని మొదలైంది తొండం సరిగ్గా కుదరక "తాతయ్య పుట్టగొడుగు కింద నిద్రపోయాడు" అయిపోతుంది. అసలు మజా చివర్లో, ఒక్కో వాక్యం ఎలా మారిందో వరుసగా తెరిచి చూపించేటప్పుడే. అక్కడ తొందరపడకండి.

ఆరుగురైతే ఈ వాక్యం, బొమ్మల గొలుసు చివరికి బొమ్మతో ముగుస్తుంది. ఏడుగురైతే వాక్యంతో ముగుస్తుంది, పోల్చుకోవడానికి అదే బాగుంటుంది, కాబట్టి ఇంకొకరిని పిలవండి.

ఊరికే చూసేవాళ్లుంటే స్క్రీన్ షేర్ చేయండి, కానీ చివర్లోనే. ముందే చేస్తే మీ దగ్గరున్న వాక్యం అందరికీ తెలిసిపోతుంది. బొమ్మ సగంలో ఆగిపోతుంటే సెట్టింగుల్లో సమయం పెంచండి.