విషాద సమయంలో షెడ్యూల్ చేసిన ప్రచార క్యాప్షన్లు

ఘోర అగ్నిప్రమాదం జరిగింది. షెడ్యూల్‌లో ఉన్న ప్రచార పోస్టులను ఎలా ఆపాలి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా షెడ్యూలింగ్ టూల్‌లోని క్యూను ఆపి, డబ్బు చెల్లించి నడిపే ప్రకటనలను వాటి ఖాతాలో విడిగా నిలిపివేయండి. ఒకదాన్ని ఆపితే రెండోది దానంతట అది ఆగదు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మిగిలిన పోస్టులను డ్రాఫ్టులుగా మార్చడం మేలు, ఎందుకంటే క్యూను తిరిగి తెరిచినప్పుడు గడువు దాటినవి ఒక్కసారిగా వెలువడే అవకాశం ఉంటుంది.

గాలింపు సాగుతూ, మృతుల సంఖ్య మారుతున్నంత కాలం ఆగడమే సముచితమని నా అభిప్రాయం. ఆ తర్వాత ప్రతి క్యాప్షన్‌నూ కొత్తగా చదవాలి: ‘ఆఫర్ల పేలుడు! ధరలు భస్మం!’ అన్న వాక్యాన్ని ‘బూట్లపై 20 శాతం తగ్గింపు ఆదివారం వరకు ఉంటుంది’ అని మార్చండి. సంతాపం తెలిపితే, ఆ పోస్టులో సరుకు ప్రస్తావన, కొనుగోలు లింకు ఏవీ ఉండకూడదు.