పట్టికల కంటే ముందు పోలిక: యువ పరిశోధకురాలికి ఒక లేఖ

చి. సుధకు,

నీ పేపర్ ముసాయిదా చదివాను. విధానం మారిన చోట, మారని చోట వచ్చిన మార్పుల్ని పోల్చే డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ భాగంలో సమీకరణం ఉంది, కింద ‘పారలల్ ట్రెండ్స్ ఉన్నాయని భావిస్తున్నాం’ అన్న ఒక్క వాక్యం ఉంది, ఆ వెంటనే పట్టికలు మొదలయ్యాయి. ఆ ఒక్క వాక్యమే నీ పేపర్‌కు ఆధారం. దాన్ని అలా దాటేయకమ్మా.

ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ కనీస వేతనంపై 1994లో ప్రచురించిన పేపర్ ముందు పెట్టుకో. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. పక్కనే ఉన్న తూర్పు పెన్సిల్వేనియాలో పెరగలేదు. రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందొకసారి, తర్వాతొకసారి అడిగారు. పార్ట్‌టైమ్ వాళ్లను సగం చొప్పున లెక్కిస్తే, ఒక్కో హోటల్‌లో సగటు సిబ్బంది న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03 అయింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి పడింది. ఈ రెండు మార్పుల మధ్య తేడా, దశాంశాలు సవరించక ముందు లెక్కిస్తే, 2.76.

ఇక్కడ నువ్వు పాఠకుడికి దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ 2.76లో ఎక్కువ భాగం న్యూజెర్సీ పెరుగుదల కాదు, పెన్సిల్వేనియా తరుగుదల. అంటే వేతనం పెంచకపోయి ఉంటే న్యూజెర్సీ కూడా అంతే పడిపోయేదని ఒప్పుకుంటేనే ఫలితం నిలుస్తుంది. పారలల్ ట్రెండ్స్ అంటే ఇదే. నీ పేపర్‌లో కూడా దాన్ని ఇలా ఊళ్ల పేర్లతో, జరగని సంగతి గురించిన వాదనగా రాయి. ముందటి ఏళ్ల గ్రాఫ్‌లో గీతలు కలిసి నడిస్తే నమ్మకం పెరుగుతుంది, రుజువు మాత్రం కాదు. కార్డ్, క్రూగర్ సర్వేలో పెంపుకు ముందు ఒకే పరిశీలన ఉంది కాబట్టి ఆ గ్రాఫ్ గీసే వీలే లేదు. తర్వాత ఎక్కువ ఏళ్ల ప్రభుత్వ లెక్కలు చూస్తే, వేతన చట్టంతో సంబంధం లేకుండానే పెన్సిల్వేనియా ఉద్యోగాలు ఏటా పైకీ కిందకీ ఊగాయని కనిపించింది.

అందుకే ఆ పేపర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష న్యూజెర్సీ లోపలే చేసినది. అక్కడ కొన్ని హోటళ్లు పెంపుకు ముందే 5 డాలర్లు, అంతకంటే ఎక్కువ ఇస్తున్నాయి. చట్టం వాటిని దాదాపు తాకలేదు. వాటిలో సిబ్బంది సగటున 2.04 తగ్గింది. పెన్సిల్వేనియాలో తగ్గింది 2.16. పొరుగు రాష్ట్రంతో పోలిక చెల్లదనేవాడికి ఇది సూటి జవాబు.

ఫలితం ఎంత గట్టిదో చూసే రోబస్ట్‌నెస్ చెక్స్ అన్నీ ఇలాగే రాయాలి: ముందు అనుమానం, తర్వాత పరీక్ష. మూతపడ్డ హోటళ్లను వదిలేస్తే ఉద్యోగనష్టం దాగిపోతుందా? వాటిని సున్నాగా లెక్కపెట్టి చూపించు. తీరప్రాంత పట్టణాలకు పర్యాటక సీజన్ వేరా? వాటిని తీసేసి మళ్లీ అంచనా వేయి. ఏ అనుమానానికీ జవాబివ్వని పట్టిక అనుబంధంలోకి పోవాలి. ఏ పరీక్షలోనైనా ఫలితం బలహీనపడితే దాన్ని మాత్రం అసలు పాఠంలోనే ఉంచు.

అంచనాల్లో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే నీ స్టాండర్డ్ ఎర్రర్లు కూడా మళ్లీ చూసుకో. విధానం జిల్లాకొకటిగా మారినప్పుడు వాటిని జిల్లావారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒకే జిల్లాలోని కుటుంబాలను ఒక గుంపుగా చూసి లెక్కించాలి. నువ్వు కుటుంబాల వారీగా చేశావు.

ఇట్లు,
నీ మాస్టారు