కారులో సిగరెట్.. అద్దం దించితే పొగ పోతుందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. తరచూ ఆయాసం, పిల్లికూతలు వస్తుంటాయి. మావారు కారు నడుపుతూ సిగరెట్ కాలుస్తారు. వద్దంటే, ‘అద్దం దించాను కదా’ అంటారు. కొన్ని దేశాల్లో దీనికి జరిమానా వేస్తారట, నిజమేనా?

జవాబు: అద్దం దించితే సరిపోదండీ. సిగరెట్ పొగలో మనిషి పీల్చి వదిలేది కొంతే. ఎక్కువ భాగం వేళ్ల మధ్య కాలుతున్న కొస నుంచే, ఫిల్టర్ గుండా రాకుండా, నేరుగా గాలిలో కలుస్తుంది. కారు లోపల ఉండే గాలి చాలా తక్కువ కాబట్టి దాన్ని పాడుచేయడానికి ఒక్క సిగరెట్ చాలు. అద్దం దించితే కొంత పొగ బయటికి పోతుంది, కాదనను. కానీ లోపలికి దూసుకొచ్చే గాలి మిగతా పొగను వెనక సీటుకు తోసేయగలదు. బండి ఆగితే ఆ గాలీ ఉండదు.

స్కాట్లాండ్‌లో పొగ తాగేవారి కార్లలో, వాళ్ల మామూలు ప్రయాణాల్లోనే గాలిలోని సన్నని కణాలను కొలిచారు. 2012లో ఫలితాలు వచ్చాయి. సిగరెట్ కాల్చని ప్రయాణాల్లో ఘనపు మీటరు గాలికి సగటున 7.4 మైక్రోగ్రాములు ఉంటే, కాల్చినప్పుడు 85. పొగ బాగా పెరిగిన క్షణాల సగటు 385. ఆ ప్రయాణాల్లో చాలావాటిలో అద్దాలు దించే ఉన్నాయి!

పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ల శ్వాసనాళాలు సన్నవి. కాస్త వాపు వచ్చినా దారి ఇరుకైపోయి పిల్లికూతలు మొదలవుతాయి. మీ బాబుకు పొగ ఒక్కటే కారణమని చూడకుండా చెప్పలేను గానీ, ఉన్న ఆయాసాన్ని అది కచ్చితంగా పెంచుతుంది. ప్రయాణం చేసిన రోజు రాత్రి దగ్గు, ఆయాసం ఎక్కువవుతున్నాయేమో రాసి పెట్టుకోండి.

జరిమానా నిజమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 అక్టోబరు 1 నుంచి 18 ఏళ్లలోపు వారున్న కారులో పొగ తాగకూడదు. ఇంగ్లండ్‌లో తాగినవారితో పాటు, ఆపని డ్రైవరుకూ 50 పౌండ్ల జరిమానా పడొచ్చు. అద్దాలు దించినా, ఏసీ వేసినా, డోరు తెరిచి అంచున కూర్చుని కాల్చినా తప్పే. పైకప్పు పూర్తిగా తీసేసిన కారుకే మినహాయింపు. ‘నా కారు, నా ఇష్టం’ అన్న వాదన అక్కడా వచ్చింది. కానీ బెల్టు పెట్టి కూర్చోబెట్టిన పిల్లవాడు లేచి పక్కకు పోలేడు, వద్దని చెప్పలేడు. సొంత కారులోనూ సీటు బెల్టు తప్పనిసరే కదా.

బాబు లేనప్పుడు కారులో కాల్చినా సీట్లకు, బట్టలకు నికోటిన్ అంటుకుని ఉంటుంది. అందుకే కారులో అసలు వద్దు. అంతసేపు ఆగలేకపోతే కారు ఆపి, దిగి, దూరంగా కాల్చాలి. కాల్చిన కొన్ని నిమిషాల వరకూ ఊపిరిలో పొగ వస్తూనే ఉంటుంది, వెంటనే ఎక్కవద్దు. దూర ప్రయాణాలకు నికోటిన్ గమ్ సాయపడవచ్చు, మోతాదు డాక్టరును అడగమనండి. బాబు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, మాట్లాడలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.