పడింది, పోయింది, పాడైంది: ఫిర్యాదు ఉత్తరంలో కర్త ఎక్కడ?

సందేహం: మా అబ్బాయి రిసెప్షన్‌కి 18,500 రూపాయలు పెట్టి కొన్న నేవీ బ్లూ ఉన్ని జాకెట్ మీద కూర నూనె పడితే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను. తిరిగొచ్చాక చూస్తే కాలరు మీద నూనె పడిన చోటే తెల్లగా ఉంది. “మీ దగ్గర డ్రైక్లీనింగ్ చేయించిన తర్వాత మా జాకెట్ మీద మరక పడింది, ఎంత చేసినా పోవడం లేదు, జాకెట్ పాడైపోయింది, దయచేసి న్యాయం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను” అని ఉత్తరం రాసిచ్చాను. షాపాయన “మరక మీరు తెచ్చిందే, అది పోలేదని మీరే రాశారు” అంటున్నాడు. నా తెలుగులో తప్పుందా? మరక అనాలా, మచ్చ అనాలా, డాగు అనాలా? “పాడుచేయబడింది” అని రాస్తే బాగుంటుందా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఇబ్బందంతా మీరు ఎంచుకున్న క్రియలతో వచ్చింది. పడింది, పోవడం లేదు, పాడైపోయింది: ఈ మూడూ అకర్మక క్రియలే. తెలుగులో క్రియ చివరి ప్రత్యయమే కర్త ఎవరో చెప్పేస్తుంది. “ఇచ్చాను” అంటే నేను, “ఇచ్చారు” అంటే మీరు లేదా వాళ్ళు. అందుకే “నేను”, “మీరు” అని వాక్యవాక్యానికీ రాయనక్కర్లేదు. “పడింది” అన్నప్పుడు మాత్రం కర్త మరకే, “పాడైపోయింది” అన్నప్పుడు కర్త జాకెట్టే. ఆ పని చేసిన మనిషి వాక్యంలో ఎక్కడా లేడు. మీ ఉత్తరంలో షాపు వాళ్ళు చేసిన పని అంటూ ఒక్కటీ లేదు, అన్నీ వాటంతటవే జరిగినట్టున్నాయి.

ఇలా రాయడం మన మర్యాదలోంచి వచ్చిన అలవాటు. ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో గ్లాసు జారితే “గ్లాసు పగిలింది, పర్లేదు” అంటాం గానీ “మీరు పగలగొట్టారు” అనం. ఎదుటివాళ్ళ తప్పు కప్పడానికి ఈ క్రియలు చక్కగా పనికొస్తాయి. ఫిర్యాదు ఉత్తరంలో మీకు కావాల్సింది అది కాదు.

అదృష్టవశాత్తూ తెలుగులో ఇలాంటి క్రియలకు చాలావాటికి సకర్మకమైన జత ఉంది. పగిలింది – పగలగొట్టారు, మాడింది – మాడ్చారు, కాలింది – కాల్చారు, పోయింది – పోగొట్టారు, పాడైంది – పాడుచేశారు. “మచ్చ పడింది”కి మాత్రం సరైన జత దొరకదు. “మచ్చ చేశారు” తెలుగు నుడికారం కాదు. “మచ్చ పెట్టారు” అంటే కావాలని పెట్టినట్టు ధ్వనిస్తుంది. కాబట్టి మచ్చను కర్మగా పెట్టే ప్రయత్నం మానేసి, బట్టకు జరిగిందేమిటో చెప్పే క్రియ వాడండి: “రంగు పోగొట్టారు”, “బట్టను పాడుచేశారు.”

“పాడుచేయబడింది” వద్దు. ఆఫీసు కాగితాల్లో తప్ప ఎవరూ అలా మాట్లాడరు, వినడానికి బరువుగా ఉంటుంది. పైగా మనం వెతుకుతున్న కర్త అందులోనూ కనబడడు.

ఇక మరక, మచ్చ. మీ తగవు నిలిచింది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మరక అనేది బయటినుంచి వచ్చి అంటుకునేది. నూనె మరక, టీ మరక, పసుపు మరక, అరటి మరక అంటూ అది దేనివల్ల వచ్చిందో ముందు చెబుతాం. మచ్చ ఆ వస్తువులోనే వచ్చిన తేడా: కాలిన మచ్చ, పుట్టుమచ్చ, చిరుతపులి మచ్చలు. వీటితో వాడే క్రియలు కూడా వేరు. మరక వదులుతుంది, మచ్చ మిగులుతుంది. “మచ్చ వదిలింది” అని ఎవరూ అనరు. “నూనె మచ్చ” అనేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఇది గీత గీసినంత కచ్చితమైన తేడా అనను, కానీ ఉత్తరంలో ఈ తేడా పాటిస్తే మీకే లాభం. మీరు “మరక పోవడం లేదు” అని రాశారు. ఆ మాటకి మామూలుగా వచ్చే అర్థం, తెచ్చిన మరక అలాగే ఉందని. అంటే డ్రైక్లీనింగ్ ఫలించలేదని ఫిర్యాదు చేసినట్టయింది. మీ అసలు ఫిర్యాదు అది కాదు కదా! తెచ్చిన మరక పోయింది, దాని చోట కొత్తగా మచ్చ వచ్చింది.

డాగు ఉర్దూ “దాగ్” నుంచి వచ్చిన మాట. మీ వైపు అందరూ వాడేదే, తప్పేమీ లేదు. అయితే అది మరకనీ మచ్చనీ రెండింటినీ చెబుతుంది. ఆ కారణానికే ఈ ఉత్తరంలో వద్దంటాను.

మీ కోటు మీద ఉన్నది మరకో మచ్చో కంటితోనే తేల్చుకోవచ్చు. పగటి వెలుతురులో కాలరు ఎత్తి, లోపలి కుట్టు మడతలో బట్ట రంగు చూడండి. ఆ రంగుకీ పైన తెల్లబడ్డ చోటుకీ పక్కపక్కన పోల్చండి. తెల్లదనం నేతలోని పోగుకే ఉంటే, చుట్టూ ఉన్న నూగు ఆ చోట మాత్రం అరిగి ఉంటే, అది రంగు పోవడమే. అంటుకున్న పదార్థమైతే వేలికి కొంచెం బిరుసుగా తగులుతుంది, అంచు గీతలా కనిపిస్తుంది. డ్రైక్లీనింగ్ ద్రావణానికి నూనె కరిగించడం పెద్ద పని కాదు. నష్టం ఎక్కువగా జరిగేది మరక ఉన్న చోట విడిగా మందు వేసి, బ్రష్‌తో రుద్దేటప్పుడు. క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నికి, పట్టుకు అసలు పనికిరాదు, పోగునే తినేస్తుంది.

షాపాయన పక్షాన కూడా ఒక నిజమైన వాదన ఉంది, అది మీరు ముందే తెలుసుకోవాలి. కూల్‌డ్రింకో పళ్ళరసమో పడి ఆరిపోతే పైకి ఏమీ కనిపించదు. నూనెను కరిగించే ద్రావణం చక్కెరను కరిగించదు. ఆ తర్వాత తగిలే వేడికి ఆ చోటు పసుపుగానో గోధుమరంగుగానో తిరుగుతుంది. అలాంటప్పుడు “ముందే పడి ఉంది” అన్న మాట నిజం కావచ్చు. మీది తెల్లబడింది కాబట్టి ఆ వాదన ఇక్కడ నిలవదు. ఉత్తరంలో రంగు పేరు తప్పకుండా రాయమనేది అందుకే.

“డ్రైక్లీనింగ్ చేయించిన తర్వాత” అన్న మాట కూడా మార్చాలి. “తర్వాత” కాలాన్నే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. కారణం చెప్పాలంటే “వల్ల” కావాలి. అయితే “మీరు వేసిన బ్లీచ్ వల్ల” అని రాసేస్తే, బ్లీచ్ వేశారని మీరే రుజువు చూపించాలి. “బ్లీచ్ వేసి ఉంటారు” అంటే ఊహ అని మీరే ఒప్పుకున్నట్టు. నా సలహా: చూసినదాన్ని కచ్చితమైన భూతకాలంలో రాయండి, తెలియనిదాన్ని ప్రశ్నగా అడగండి. ఏ మందు వేశారో చెప్పాల్సిన బాధ్యత అప్పుడు వాళ్ళ మీద పడుతుంది.

ఇంకొక చిన్న మాట. తెలుగులో జాకెట్టు అంటే చాలామందికి ముందు చీర మీదికి వేసుకునేదే గుర్తొస్తుంది. రసీదులో “జాకెట్” అని ఉంటే ఆ మాట ఒకసారి ప్రస్తావించి, మిగతా అంతటా కోటు అనో బ్లేజర్ అనో రాయండి. ధర దగ్గర వాదన వచ్చినప్పుడు గందరగోళం ఉండదు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది. తేదీలు, డ్రైక్లీనింగ్ చార్జీ ఉదాహరణకే, మీ రసీదులో ఉన్నవి వేసుకోండి:

“అయ్యా,

ఫిబ్రవరి 12న మా అబ్బాయి నేవీ బ్లూ ఉన్ని బ్లేజర్‌ను (రసీదులో ‘జాకెట్’) మీ షాపులో డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాను. కుడి కాలరు మీద నూనె మరక ఉందని మీకు చూపించాను. బట్ట రంగు అప్పుడు అంతటా ఒకేలా ఉంది. 18న మీరు కోటు తిరిగి ఇచ్చారు. నూనె మరక పోయింది. కానీ అదే చోట రూపాయి బిళ్లంత మేర రంగు పోయి, నూగు అరిగి, తెల్లటి మచ్చ ఏర్పడింది. లోపలి కుట్టు మడతలో అసలు రంగు అలాగే ఉంది, ఫొటోలు జతచేశాను. మరక తీసే పనిలో మీరు బట్ట రంగు పోగొట్టారు. ఆ చోట ఏ మందు వేశారో, ఏ విధంగా రుద్దారో రాసి ఇవ్వండి. ఈ మచ్చ ఇక పోయేది కాదు కాబట్టి కోటు ధర 18,500 రూపాయలు పరిహారంగా, మీరు తీసుకున్న డ్రైక్లీనింగ్ చార్జీ 450 రూపాయలు వాపసుగా మార్చి 10లోగా చెల్లించాలని కోరుతున్నాను. కోటు బిల్లు, మీ రసీదు నకళ్ళు జతచేశాను.”

ఇందులోనూ “పోయింది”, “ఏర్పడింది” ఉన్నాయని మీరు అడగవచ్చు. కంటికి కనిపిస్తున్న స్థితిని వర్ణించేటప్పుడు అవే సరైనవి, అక్కడ కర్తను ఇరికిస్తే వాక్యం కృతకంగా ఉంటుంది. బాధ్యత చెప్పాల్సిన చోట మాత్రం క్రియ “-ారు”తో ముగియాలి: ఇచ్చారు, పోగొట్టారు, వేశారు, రుద్దారు. “మీ కుర్రాడు రుద్దాడు” అని రాయకండి. మీరు ఒప్పందం చేసుకున్నది షాపుతో, కుర్రాడితో కాదు. అలా రాస్తే తప్పు జీతానికి పనిచేసే పిల్లాడి మీదికి పోతుంది, యజమాని తప్పుకుంటాడు.

“ప్రార్థిస్తున్నాను” అర్జీ భాష. దయ చూపమని అధికారిని అడిగేటప్పుడు రాసే మాట అది. డబ్బు తీసుకుని పని చేసిన షాపును “కోరుతున్నాను” అంటే చాలు, అందులో మర్యాదకు లోటేమీ లేదు. “న్యాయం చేయండి” అన్నా షాపాయనకి ఏం చేయాలో తెలియదు, అంకె, గడువు చెప్పాలి. కోటు ఇప్పటికే కొన్నిసార్లు వేసుకున్నదైతే పూర్తి ధర రాకపోవచ్చు, బేరానికి సిద్ధంగా ఉండండి.

గడువు దాటినా జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో “సేవా లోపం” అన్న మాట చేర్చండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాడిన పరిభాషకి తెలుగు అదే, పనిలో నిర్లక్ష్యం కూడా దాని కిందికే వస్తుంది. “రంగు పోతే మా బాధ్యత లేదు” అని రసీదు వెనక అచ్చువేసి ఉన్నా, అంతమాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ళ వ్యవధి ఉంది. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

మొదట రాసిన ఉత్తరం వెనక్కి తీసుకోనక్కర్లేదు. కొత్త ఉత్తరం మొదట్లో “నా ముందటి ఉత్తరంలో మరక అని రాసింది ఈ తెల్లటి మచ్చను ఉద్దేశించే” అని ఒక్క వాక్యం చేర్చి, అందినట్టు నకలు మీద షాపాయన సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అంతవరకూ ఆ మచ్చ మీద ఇంట్లో ఏ మందూ వేయకండి, కోటు ఇంకో డ్రైక్లీనర్‌కి ఇవ్వకండి.