పైన ‘డియర్ సర్’, కింద ‘బెస్ట్ రిగార్డ్స్’: ఎవరికి ఏది?

ప్రశ్న: “ఈమధ్యే రొయ్యల ఎగుమతి ఆఫీసులో చేరాను. నాకంటే చిన్నవాడైన మేనేజరుకీ, డెబ్బై దాటిన సలహాదారుకీ, విదేశీ కొనుగోలుదారులకీ మెయిళ్ళు రాయాలి. అందరికీ డియర్ సర్, బెస్ట్ రిగార్డ్స్ అని పెట్టేస్తే తప్పా?”

భీమవరం దగ్గర ఇదే పనిలో చాలా ఏళ్ళుగా ఉత్తరాలు, మెయిళ్ళు రాస్తున్నానండి. తప్పు అనను గానీ, ఆ రెండూ ఒకదానికొకటి అతకవు. ‘డియర్ సర్’ అంటే మనిషి పేరు తెలియనప్పుడో, తెలిసినా దూరం పాటించాల్సినప్పుడో రాసేది. దానికి కింద జతగా బ్రిటిష్ పద్ధతిలో ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ వస్తుంది. పేరుతో మొదలుపెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’. ‘బెస్ట్ రిగార్డ్స్’ నాలుగైదు మెయిళ్ళు అటూ ఇటూ నడిచాక, కాస్త పరిచయం కుదిరాక పెట్టుకునేది. పైన అంత దూరం ఉంచి కింద చనువు చూపిస్తే చదివేవాళ్ళకి ఎక్కడో తేడాగా ఉంటుంది.

నేను దెబ్బతిన్నది మాత్రం ఆ సలహాదారు లాంటి ఆయన దగ్గరే. చెరువు నీళ్ళ విషయంలో మాకు సలహాలిచ్చే రిటైర్డ్ ఆఫీసరు ఒకాయన నరసాపురంలో ఉండేవారు. అప్పట్లో రోజంతా విదేశీ కొనుగోలుదారులకి రాసి రాసి, అదే చేత్తో ఆయనకీ ‘డియర్’ తర్వాత ఉత్త పేరు రాసి, కింద ‘రిగార్డ్స్’ అని ఒక్క మాటతో పంపేశాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడారు. చివరికి ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చి, “ఏం బాబూ, మీ నాన్నగారినీ ఇలాగే పేరు పెట్టి పిలుస్తావా?” అన్నారు. కోపంగా కాదు, నొచ్చుకుని అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంగ్లీషులో ‘డియర్’ అన్నది ఉత్తరం మొదలుపెట్టే అలవాటు మాట. అందులో ప్రేమా లేదు, చనువూ లేదు. కానీ మన పెద్దవాళ్ళ చెవికి అది ‘ప్రియమైన’ అని వినిపిస్తుంది. దాని పక్కన ‘గారు’ లేని పేరు పడితే చిన్నవాళ్ళని పిలిచినట్టే. ఆ రోజు నుంచి ఆయనకి ‘గౌరవనీయులైన ఫలానా గారికి, నమస్కారాలు’ అని మొదలుపెట్టి, ‘నమస్కారాలతో’ అని ముగించాను. ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ‘రెస్పెక్టెడ్ సర్’ అని, కింద ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని. ఈ ‘రెస్పెక్టెడ్ సర్’ మన దేశపు వాడుక. విదేశాలవాళ్ళకి కొత్తగా ఉంటుంది కాబట్టి వాళ్ళకి వద్దు.

చిన్నవాడైన మేనేజరు విషయం నిజానికి తేలిక. వయసు ఒకవైపు, హోదా ఒకవైపు లాగినప్పుడు ఆఫీసు కాగితంలో హోదాకే విలువ. మన గోదావరి జిల్లాల్లో చిన్నవాళ్ళనీ ‘అండీ’, ‘గారు’ అనడం మామూలే కదా, అందుకని ‘ఫలానా గారికి నమస్తే’ అంటే ఎవరి పెద్దరికమూ తగ్గదు. వయసులో పెద్దవాళ్ళం కదా అని ‘చిరంజీవి’ అనో, కింద ‘ఆశీస్సులతో’ అనో రాయకూడదు. అవి ఇంట్లో పిల్లలకి, మేనల్లుళ్ళకి. అలాగని ‘విధేయుడు’ అని కూడా వద్దు. అది అర్జీల్లో, సెలవు చీటీల్లో రాసే మాట. రోజూ చూసే మనిషికి రాస్తే మీరేదో అడగబోతున్నారనిపిస్తుంది. ‘భవదీయుడు’, ఆడవాళ్ళయితే ‘భవదీయురాలు’, ఆఫీసు ఉత్తరానికి సరిపోతుంది.

విదేశీ కొనుగోలుదారుల దగ్గర మన ఇంటిపేరు అలవాటు పొరపాటు చేయిస్తుంది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఇంగ్లీషు దేశాలవాళ్ళకి చివరొస్తుంది. ‘మిస్టర్’ ఆ ఇంటిపేరుకే తగిలించాలి. జాన్ స్మిత్ అని సంతకం ఉంటే ‘డియర్ మిస్టర్ స్మిత్’, అంతేగానీ ‘మిస్టర్ జాన్’ కాదు. ఆయనే కింద ఉత్త ‘జాన్’ అని సంతకం చేసి పంపితే, మరుసటి మెయిల్‌లో ‘డియర్ జాన్’, ‘బెస్ట్ రిగార్డ్స్’ అనొచ్చని అర్థం. ఆ చొరవ అవతలివాళ్ళు తీసుకునేదాకా ఆగండి. జపాన్ వాళ్ళకైతే ఇంటిపేరు తర్వాత ‘సాన్’ చేర్చండి, మన ‘గారు’ లాగే. మీ సంతకంలో మాత్రం మీ పేరుకి మీరు ‘సాన్’ గానీ ‘గారు’ గానీ తగిలించుకోకండి.

ఇంకో మాట: పాత మెయిల్‌ని కాపీ చేసి పంపేటప్పుడు పైనున్న పేరు, కిందున్న ముగింపు రెండూ చూసుకోండి. నరసాపురం ఆయనకి వెళ్ళిన ఆ మెయిల్ అలా కాపీ చేసిందే.